హెచ్‌టీ బిల్లులో కనబడని పెనాల్టీలు: సందేహాలు – సమాధానాలు

పాలకీడు మండలం నుంచి ఒక రైస్ మిల్లు గుమస్తా: మాది 11 కేవీ హెచ్‌టీ సర్వీసు. సీఎండీ 250 కేవీఏ. కరెంటు పొదుపు మీద సమీక్ష చేయడానికి వచ్చినాయన ఏడాది బిల్లులు షీట్‌లో వేసి ఇమ్మన్నారు. నెల, యూనిట్లు, కట్టిన మొత్తం అని మూడు నిలువు వరుసలు వేసి ఇచ్చాను. ఇది పనికిరాదని వెనక్కి ఇచ్చారు. ఏమేం వేయాలి సార్? మరో సంగతి, మా ఓనరు గారు పెనాల్టీ పడుతోందని సీఎండీ 300కు పెంచుదామంటున్నారు. ఆ మాటా ఈ షీట్‌లో తేలుతుందా?

తేలుతుంది. మీ షీట్ ఎందుకు వెనక్కి వచ్చిందో ముందు చూద్దాం. మిల్లు ఆడని నెలలో మీరు 10,800 యూనిట్లు వాడారు. డిమాండ్, ఎనర్జీ చార్జీలు రెండూ కలిపి 1,86,800 రూపాయలు వచ్చాయి. భాగిస్తే యూనిట్ 17 రూపాయల 30 పైసలు. సీజన్ నెలలో అదే లెక్క దాదాపు 11 రూపాయలే వస్తుంది. మూడు వరుసల షీట్ చూసినవారు మిల్లు ఆగిన నెలల్లో ఎక్కడో కరెంటు వృథా అవుతోందని అనుకుంటారు. నిజానికి అక్కడ వృథా అయింది కరెంటు కాదు. వాడినా వాడకపోయినా కట్టాల్సిన డిమాండ్ చార్జీని కొద్ది యూనిట్ల మీద పంచితే వచ్చిన అంకె అది. అందుకే డిమాండ్ రూపాయలు, ఎనర్జీ రూపాయలు వేర్వేరు గడుల్లో ఉండాలి.

ఇక ఏం వేయాలి అంటే, బిల్లులో రూపాయల భాగం కన్నా ముందు రీడింగుల భాగానికి వెళ్లండి. కేడబ్ల్యూహెచ్ పాత రీడింగు, కొత్త రీడింగు, కేవీఏహెచ్ పాతది, కొత్తది, మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్, రికార్డయిన గరిష్ఠ డిమాండ్, అంటే ఆర్‌ఎండీ. తర్వాత టైమ్ ఆఫ్ డే రీడింగులు. ఆ తర్వాతే రూపాయలు: డిమాండ్ చార్జీ, అదనపు డిమాండ్ చార్జీ, ఎనర్జీ చార్జీ, టైమ్ ఆఫ్ డే అదనం, రాత్రి తగ్గింపు, కస్టమర్ చార్జీ, విద్యుత్ సుంకం, ఆలస్య రుసుము, బకాయి లేదా సర్దుబాటు. పెనాల్టీ అని ఒకే గడి పెట్టి అన్నీ అందులో కుక్కొద్దు. ఆలస్య రుసుము మీ క్యాషు పుస్తకం తప్పు, అదనపు డిమాండ్ మోటార్ల తప్పు. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు.

మీరు పంపిన సీజన్ నెల బిల్లుతోనే లెక్క చేద్దాం. రేట్లు 2022-23 నాటి తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండలి ఉత్తర్వులో 11 కేవీ పరిశ్రమలకు ఉన్నవి వాడుతున్నాను: డిమాండ్ కేవీఏకు 475 రూపాయలు, ఎనర్జీ కేవీఏహెచ్‌కు 7 రూపాయల 65 పైసలు. ఆ తర్వాత వచ్చిన ఉత్తర్వుల్లో కొన్ని మారి ఉండవచ్చు కాబట్టి ఏ నెల బిల్లుకు ఆ నెల రేటునే పక్క గడిలో రాసుకోండి. ఒకే రేటు ఏడాదంతా లాగితే మధ్యలో రేటు మారిన చోట షీట్ అబద్ధం చెబుతుంది.

కేవీఏహెచ్ కొత్త రీడింగు 9418, పాతది 8806. తేడా 612. మీ మీటరుకు మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్ 100, కనుక 61,200 కేవీఏహెచ్. కేడబ్ల్యూహెచ్ తేడా 550.8, అంటే 55,080. ఆర్‌ఎండీ 2.68, వందతో గుణిస్తే 268 కేవీఏ. ఈ మూడు అంకెలే మీ షీట్‌కు గుండెకాయ.

మీ సీఎండీ 250. బిల్లింగ్ డిమాండ్ అంటే ఆర్‌ఎండీ, సీఎండీలో 80 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది. మీకు 80 శాతం అంటే 200. అందుకే మిల్లు ఆగి ఆర్‌ఎండీ 120 వచ్చిన నెలలోనూ 200 మీదే 95,000 రూపాయలు పడింది. సీజన్‌లో 268 వచ్చింది. 250 దాకా మామూలు రేటు, 1,18,750. పైన పడ్డ 18 కేవీఏకు రెట్టింపు రేటు, 17,100. మొత్తం 1,35,850. ఆర్‌ఎండీ సీఎండీకి 120 శాతం, అంటే మీకు 300 దాటి ఉంటే ఎనర్జీ చార్జీ కూడా పెంచి వేసేవారు. అక్కడిదాకా మీరు పోలేదు.

ఇప్పుడు బిల్లులో ఎక్కడా పెనాల్టీ అన్న పేరుతో కనిపించనిది. 55,080ని 61,200తో భాగించండి. 0.90. ఇది మీ పవర్ ఫ్యాక్టర్ సగటు. మన దగ్గర హెచ్‌టీ బిల్లు కేడబ్ల్యూహెచ్ మీద కాకుండా కేవీఏహెచ్ మీద వేస్తారు. పవర్ ఫ్యాక్టర్ తక్కువైతే విడిగా జుర్మానా వేయరు, కేవీఏహెచ్ పెరిగిపోయి ఎనర్జీ చార్జీలోనే కలిసిపోతుంది. చాలామంది గుమస్తాలు బిల్లు మీద పెనాల్టీ లైను లేదు కదా అని ధీమాగా ఉండేది ఇక్కడే. అదే పని, అదే 55,080 కేడబ్ల్యూహెచ్, పవర్ ఫ్యాక్టర్ 0.98 ఉండుంటే కేవీఏహెచ్ 56,204 మాత్రమే అయ్యేది. తేడా 4,996. రూపాయల్లో 38,219.

ఇంకొకటి. 268 కేవీఏ, 0.90 పవర్ ఫ్యాక్టర్ అంటే నిజంగా లాగిన లోడు 241 కిలోవాట్ల చిల్లర. అదే లోడు 0.98 వద్ద 246 కేవీఏ. మీ 250 లోపే! అప్పుడు డిమాండ్ చార్జీ 1,16,850. అంటే ఆ నెలలో కట్టిన దానికన్నా 19,000 తక్కువ. పెనాల్టీ లైను కూడా ఉండదు. దీనికి కావలసిన కెపాసిటర్లు లెక్క ప్రకారం దాదాపు 68 కేవీఏఆర్. కొనేముందు పానెల్‌లో ఉన్న పాత కెపాసిటర్లలో ఎన్ని పనిచేస్తున్నాయో క్లాంప్ మీటరు పెట్టి చూడమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి. బిగించి ఉన్నంత మాత్రాన పనిచేస్తున్నట్టు కాదు, సగం ఉబ్బిపోయి ఆంపియర్ లాగని పానెళ్లు చాలా చూశాను. ఈ లెక్కలో ఒక మెలిక కూడా ఉంది. 0.90 అన్నది నెల సగటు. ఆర్‌ఎండీ పడిన ఆ కాసేపట్లో పవర్ ఫ్యాక్టర్ వేరుగా ఉండవచ్చు. మీటరులోని లోడ్ సర్వే డేటా దొరికితే దాన్ని చూసి నిర్ధారించుకోండి. అంతదాకా ఇది అంచనాయే.

ఇక ఓనరు గారి మాట. మీ పన్నెండు నెలల ఆర్‌ఎండీలు వరుసగా పెడితే మూడు నెలల్లో 250 దాటింది: 268, 274, 259. దాటినవి కలిపితే 51 కేవీఏ. పెనాల్టీ వల్ల అదనంగా పోయింది మామూలు రేటుకు పైన ఉన్న మరో 475 మాత్రమే కనుక ఏడాదికి 24,225 రూపాయలు. సీఎండీ 300 చేస్తే ఇది మిగులుతుంది. కానీ 80 శాతం కనీసం 200 నుంచి 240కి ఎక్కుతుంది. ఆర్‌ఎండీ 200 కూడా రాని నెలలు మీకు ఆరున్నాయి, నెలకు 40 కేవీఏ చొప్పున ఆరు నెలలకు 1,14,000. తక్కిన మూడు నెలల్లో 225, 230, 215 వచ్చాయి, అవి కూడా 240 మీద బిల్లవుతాయి, మరో 23,750. మొత్తం 1,37,750 అదనం. 24 వేలు దక్కించుకోవడానికి లక్షా 38 వేలు కట్టడం. దీనికితోడు అదనపు లోడుకు డిపాజిట్, అభివృద్ధి చార్జీలు.

సీఎండీ జోలికి పోకుండా కెపాసిటర్లు సరిచేసి, పెద్ద మోటార్లు అన్నీ ఒకేసారి స్టార్ట్ చేయడం మానండి. ఆర్‌ఎండీ అన్నది నెల మొత్తంలో ఒక్క చిన్న గడియలో నమోదైన అంకె. ఎలివేటర్లు, పాలిషర్, బ్లోయర్ మూడూ కరెంటు పోయి వచ్చిన వెంటనే కలిపి ఎత్తుకుంటే నెలంతా జాగ్రత్తగా నడిపినా ఆ ఒక్క పూట బిల్లు మీద రాసి ఉంటుంది. ఏటా ఇలాగే దాటుతూ పోతే మాత్రం అదనపు లోడు క్రమబద్ధం చేసుకోమని డిస్కం నుంచి నోటీసు రావచ్చు, అది కూడా ఓనరు గారికి చెప్పి ఉంచండి.

కోదాడ నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి: మా ప్రాజెక్టుకు అయిదు మిల్లులవి అరవై బిల్లులు దొరికాయి. కొన్ని పీడీఎఫ్‌లు, కొన్ని ఫోన్‌లో తీసిన ఫోటోలు. వీటిని చేత్తో కొట్టకుండా షీట్‌లోకి ఎలా తేవాలి?

ముందు రెండు కుప్పలు చేయండి. పీడీఎఫ్ తెరిచి మౌస్‌తో అంకె మీద లాగండి. అంకె విడిగా ఎంపికైతే అది అసలు అక్షరాలున్న పీడీఎఫ్, పేజీ మొత్తం బొమ్మలా ఎంపికైతే స్కాన్. మొదటి రకానికి కంప్యూటర్‌లో పాప్లర్ పనిముట్లు వేసుకుని ఈ ఆదేశం చాలు:

```
pdftotext -layout bill.pdf bill.txt
```

`-layout` పెట్టకపోతే నిలువు వరుసలు కలగాపులగం అవుతాయి. కేవీఏహెచ్ అంకె కేడబ్ల్యూహెచ్ పేరు పక్కకు వచ్చి కూర్చుంటుంది. ఎక్సెల్‌లోనే చేయాలంటే డేటా మెనూలో ఫైల్ నుంచి పీడీఎఫ్ తెచ్చుకునే వీలు కొత్త వెర్షన్లలో ఉంది.

విద్యార్థులు దాదాపు అందరూ పడే గోతి ఒకటుంది. ఒక బిల్లులో డిమాండ్ చార్జీ 31వ వరుసలో ఉంది కాబట్టి అన్నింటిలో 31వ వరుస తీయమని రాస్తారు. అదనపు డిమాండ్ లైను పెనాల్టీ పడ్డ నెలలోనే వస్తుంది. వచ్చినప్పుడు కింది వరుసలన్నీ ఒకటి జరుగుతాయి. అప్పుడు మీ షీట్‌లో ఎనర్జీ చార్జీ గడిలోకి పెనాల్టీ చేరుతుంది. సరిగ్గా మీరు వెతుకుతున్న నెలలోనే షీట్ తప్పవుతుందన్నమాట. వరుస సంఖ్యతో కాకుండా లైను పేరుతో వెతకండి. పేరు దొరకకపోతే గడిలో సున్నా వేయకండి, ఖాళీగా ఉంచండి. బిల్లులో ఆ చార్జీ లేదని కళ్లతో చూసి నిర్ధారించుకున్నాకే సున్నా. లేకపోతే లేనిదీ, చదవలేకపోయినదీ ఒకటే అయిపోతాయి.

అంకెల్లోని కామాలు మరో తంటా. 4,68,180 అని బిల్లులో ఉంటే ఎక్సెల్ కొన్నిసార్లు దాన్ని అంకెగా కాక అక్షరాలుగా తీసుకుంటుంది. గడిలో ఎడమ వైపు అతుక్కుని ఉంటే అనుమానించండి. మొత్తం వేసినప్పుడు ఆ గడిని లెక్కలోకి తీసుకోదు, ఏ హెచ్చరికా ఇవ్వదు. ఇది మార్చే సూత్రం:

```
=VALUE(SUBSTITUTE(A2,",",""))
```

తేదీల్లో కూడా జాగ్రత్త. 05-04-2025ను కొన్ని కంప్యూటర్లు మే 4 అనుకుంటాయి. మొదట నెల పేరు అక్షరాల్లో రాసి పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

ఫోటో బిల్లులకు ఏ ఓసీఆర్ వాడినా 3ని 8గా, 6ని 0గా చదవడం మామూలే. అంతకన్నా ఎక్కువగా దెబ్బ తీసేది చుక్క పోవడం. 2.68ని 268గా చదివితే, దాన్ని మళ్లీ మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్‌తో గుణించి ఆర్‌ఎండీ 26,800 అని రాస్తారు. ఇది పెద్ద తప్పు కనుక కనబడుతుంది. కనబడనివి 3, 8 తప్పులు. అందుకే ప్రతి బిల్లుకూ నాలుగు పరీక్షలు షీట్ పక్కన సూత్రాలుగా పెట్టండి. కొత్త రీడింగులోంచి పాతది తీసి ఫ్యాక్టర్‌తో గుణిస్తే బిల్లులోని యూనిట్లు రావాలి. ఈ నెల పాత రీడింగు గత నెల కొత్త రీడింగుతో కలవాలి. టైమ్ ఆఫ్ డే యూనిట్లన్నీ కలిపితే మొత్తం కావాలి. పై మిల్లు బిల్లులో ఉదయం 6 నుంచి 10 వరకు 10,200, సాయంత్రం 6 నుంచి 10 వరకు 11,400, రాత్రి 17,900, తక్కిన వేళల్లో 21,700. కలిపితే 61,200. ఇలా కుదరాలి. ఆఖరిది, చార్జీల లైన్లన్నీ కూడితే ఆ నెల బిల్లు మొత్తం రావాలి, పైసల రౌండింగు తేడాతో. దీనికితోడు కేడబ్ల్యూహెచ్ ఎప్పుడూ కేవీఏహెచ్ కన్నా పెద్దది కాకూడదు. పెద్దదైందంటే రెండు నిలువు వరుసలు తారుమారయ్యాయి, లేదా ఒక అంకె తప్పు చదివింది.

రెండో పరీక్షలో తేడా వస్తే వెంటనే ఓసీఆర్‌ను తిట్టకండి. మీటరు మార్చి ఉండవచ్చు. మార్చిన నెలలో పాత మీటరుకు ఒక తేడా, కొత్త మీటరుకు ఒక తేడా ఉంటాయి, ఒక్కోసారి ఫ్యాక్టర్ కూడా వేరవుతుంది. ఆ నెలకు రెండు వరుసలు వేసి కలపాలి.

నిజం చెప్పాలంటే అరవై బిల్లులకు ప్రోగ్రామ్ రాయడం, సరిచూడడం కలిపి చేత్తో కొట్టినంత సేపే పడుతుంది. మీ ప్రాజెక్టు కాబట్టి రాయండి. పన్నెండు బిల్లులున్న మిల్లు గుమస్తా అయితే పై నాలుగు పరీక్షలు పెట్టుకుని చేత్తోనే కొట్టడం మేలు.

మిర్యాలగూడ నుంచి ఒక ఉప్పుడు బియ్యం మిల్లు భాగస్వామి: గత నెల కన్నా ఏప్రిల్ బిల్లులో 8,500 యూనిట్లు ఎక్కువ వచ్చాయి. మోటార్లు కొత్తవేమీ పెట్టలేదు. మీటరు పరీక్ష చేయించాలా?

మీరు పంపిన బిల్లుల్లో యూనిట్ల పక్కనే తేదీలున్నాయి, వాటిని మీ షీట్‌లో వేయలేదు. మార్చి బిల్లు ఫిబ్రవరి 22 నుంచి మార్చి 22 వరకు, 28 రోజులు, 47,600 కేడబ్ల్యూహెచ్. ఏప్రిల్ బిల్లు మార్చి 22 నుంచి ఏప్రిల్ 24 వరకు, 33 రోజులు, 56,100. రోజుకు లెక్క వేయండి. రెండింటా 1,700. మీటరులో దోషమేమీ కనబడడం లేదు.

బిల్లు నెలకు నెల పేరు పెట్టి ఊరుకుంటే ఇలాంటి అనుమానాలే వస్తాయి. రీడింగు తేదీలు రెండూ వేసి, రోజుల సంఖ్య సూత్రంతో తీసి, రోజుకు యూనిట్లు అనే వరుస పెట్టుకోండి. ఆ తర్వాత పని వరుస కూడా. మీ ధాన్యం రిజిస్టరు నెల ఒకటో తారీఖు నుంచి చివరి వరకు ఉంటుంది, బిల్లు 22 నుంచి 22. రెండింటినీ అలాగే భాగిస్తే యాసంగి ధాన్యం మొదలైన వారంలో పట్టిన క్వింటాళ్లు ఒక నెలలో, వాటికైన కరెంటు మరో నెలలో పడతాయి. రీడింగు తేదీల మధ్య ఎన్ని క్వింటాళ్లు పట్టారో రిజిస్టరులోంచి రోజువారీగా కూడి తీసుకోవాలి. శ్రమే. కానీ ఆ పని చేయకుండా క్వింటాలుకు ఎన్ని యూనిట్లు అని చెప్పే అంకెకు విలువ లేదు.

ఉప్పుడు బియ్యానికీ, పచ్చి బియ్యానికీ కరెంటు ఒకేలా పట్టదు. నానబెట్టడం, ఆవిరి, డ్రయ్యర్ ఫ్యాన్లు, బాయిలర్ ఫీడ్ పంపులు పచ్చి బియ్యానికి లేవు. మీరు రెండూ పడితే రెండు వరుసలు పెట్టండి. లేదంటే ఉప్పుడు బియ్యం ఎక్కువ పట్టిన నెలలో మిల్లు పాడైనట్టు కనిపిస్తుంది.

సాయంత్రం 6 నుంచి 10 వరకు పడే యూనిట్ల వరుస మీకు మరీ ముఖ్యం. ఆ వేళ యూనిట్‌కు రూపాయి అదనం, రాత్రి 10 తర్వాత తగ్గింపు. ధాన్యం నానబెట్టే ట్యాంకులకు నీళ్లు ఎక్కించే పంపు లాంటివి రాత్రి 10 దాటాక నడిపితే రెండు వైపులా కలిసి వస్తుంది. డ్రయ్యర్ మధ్యలో ఆపడం మాత్రం కుదరదని నాకు తెలుసు, దాన్ని షీట్ చూసి ఎవరైనా ఆపమంటే వినకండి.

సూర్యాపేట నుంచి ఒక ఐస్ ఫ్యాక్టరీ యజమాని: ఒక నెలలో బిల్లు ఒక్కసారి రెట్టింపైంది. సమీక్షలో ఆ నెలను ఏం చేయాలి?

బిల్లు కాపీ చూశాను. అందులో సగం పాత బకాయి, దాని మీద ఆలస్య రుసుము. ఆ నెల యూనిట్లు, ఆర్‌ఎండీ రెండూ మామూలుగానే ఉన్నాయి. బకాయిని వాడకపు గడుల్లో కలపకండి, దానికి విడి వరుస పెట్టి సమీక్ష లెక్కలోంచి తప్పించండి. ఆలస్య రుసుమును మాత్రం వదలకండి, మీ ఏడాది షీట్‌లో అది నాలుగుసార్లు కనబడింది. డిస్కం కొన్నిసార్లు పాత నెల రీడింగు సరిచేసి తరువాతి బిల్లులో ఎక్కువో తక్కువో వేస్తుంది. అది ఏ నెలకు చెందిందో బిల్లులో గానీ, సెక్షన్ ఆఫీసులో గానీ తెలిస్తే ఆ నెల గడిలోకి మార్చండి. తెలియకపోతే సర్దుబాటు వరుసలోనే ఉంచి, ఎవరు ఎప్పుడు అడిగారో పక్కన రాసిపెట్టండి.